కిరణ్ అంటే నవ్వారు, ఇతను అంటే లేచి వెళ్ళిపోయారు: ఒక కేస్ స్టడీ

పాత స్నేహితుల వేళాకోళంలో తన చోటు తెలియక నా దగ్గరికి కౌన్సెలింగ్‌కి వచ్చి, ఈ కేసు గురించి రాయడానికి ఒప్పుకున్న అబ్బాయిని సురేంద్ర అని పిలుస్తాను. అందరి పేర్లూ మార్చాను. ఉద్యోగం వివరాలు, కొన్ని సందర్భాలు కూడా గుర్తుపట్టలేనంతగా మార్చాను. మాటలు మాత్రం దాదాపు అతను చెప్పినట్టే ఉంచాను, ఎందుకంటే కేసంతా ఆ మాటల్లోనే ఉంది.

నేపథ్యం

సురేంద్రకు పాతికేళ్ళు. అనంతపురం జిల్లాలో ఒక పల్లె. హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చాక, తెలిసినవాళ్ళ ద్వారా కూకట్‌పల్లి వైపు ఒక ఫ్లాట్‌లో చేరాడు. అక్కడ అప్పటికే నలుగురు ఉన్నారు: కిరణ్, బాబ్జీ, శీను, పండు. నలుగురూ గోదావరి జిల్లాల వాళ్ళు. ఇంటర్ నుంచి ఒకే హాస్టల్, ఆ తర్వాత ఒకే ఇంజనీరింగ్ కాలేజీ. వాళ్ళతో ఉన్న ఐదో స్నేహితుడు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతే ఆ మంచం ఖాళీ అయ్యింది. అద్దె పంచుకోవడానికి ఐదోవాడు కావాలి కాబట్టి ఇతన్ని తీసుకున్నారు. ఇది చిన్న విషయం కాదు. వాళ్ళకు కావాల్సింది అద్దెలో వాటా. ఇతను మాత్రం స్నేహితులు దొరికారనుకున్నాడు.

సురేంద్ర పెరిగిన ఇంట్లో వేళాకోళం లేదని కాదు, బాగానే ఉంది. అయితే అక్కడ అది వరసను బట్టి నడుస్తుంది. మేనబావ ఎంతైనా అనొచ్చు, ఇతనూ అంతకు అంతా అనొచ్చు. పెదనాన్న కొడుకు రెండేళ్ళే పెద్దయినా అన్న, అన్నను ఆటపట్టిస్తే ఇంట్లో ఊరుకోరు. ఎవరు ఎవర్ని అనొచ్చో పుట్టగానే తేలిపోతుంది, ఎవరూ నేర్పక్కర్లేదు. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే మానవ శాస్త్రవేత్త 1940లో ఇలాంటి బంధుత్వాల గురించే రాశాడు: ఒకరు వేళాకోళం చేయడం, రెండోవారు కోపం తెచ్చుకోకపోవడం అక్కడ రివాజు అని. బావామరదళ్ళను చూసిన మనకు అది కొత్త సంగతి కాదు. సురేంద్ర ఎందుకు తికమకపడ్డాడో అర్థం చేసుకోవడానికి మాత్రం అది నాకు పనికొచ్చింది. అతనికి తెలిసిన పద్ధతిలో హక్కు ముందే రాసిపెట్టి ఉంటుంది. కొత్తగా వచ్చిపడ్డ చోట అలాంటి రాత ఏదీ లేదు.

ఏ సమస్యతో వచ్చాడు

నిద్ర సరిగ్గా పట్టడం లేదని వచ్చాడు. కాసేపు మాట్లాడాక అసలు సంగతి బయటపడింది. పనేమీ లేకపోయినా ఆఫీసులో రాత్రి తొమ్మిదిన్నర దాకా కూర్చుంటున్నాడు, బయట తినేసి అందరూ పడుకున్నాక ఫ్లాట్‌కి వెళ్తున్నాడు. వేరే గది వెతుక్కోవాలా వద్దా అన్నది అతని ప్రశ్న.

ముందు నేను తేల్చుకోవాల్సింది ఇది డిప్రెషనా, జనంలో ఉండటమే భయమా, లేక ఆ ఇంటికి మాత్రమే సంబంధించిన టెన్షనా అన్నది. డిప్రెషన్ ఎంతుందో చూసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో స్కోరు 7, అంటే తేలికపాటి స్థాయి. ఆఫీసులో ఇరవై మంది ముందు ప్రెజెంటేషన్ ఇస్తాడు. క్రికెట్ ఆడే చోట కొత్తవాళ్ళతో సులువుగా కలుస్తాడు. భయం ఒక్క గుమ్మం దగ్గరే మొదలవుతోంది. కాబట్టి మనిషిని బాగుచేసే పని పెట్టుకోకుండా, ఆ గుమ్మం లోపల ఏం జరుగుతోందో చూడాలని నిర్ణయించుకున్నాను.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. వాళ్ళ బావ అప్పటికే ‘అది ర్యాగింగ్‌రా, వచ్చెయ్’ అని చెప్పి ఉన్నాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం విద్యాసంస్థలకు వర్తిస్తుంది, అద్దె ఫ్లాట్‌కు కాదు. చట్టం సంగతి పక్కనపెట్టినా, వేధింపు అయితే నా సలహా వేరేగా ఉండేది. అందుకని వివరంగా అడిగాను. ఒక్కడి మీదే పడుతున్నారా? లేదు, నలుగురూ ఒకరినొకరు ఇంతకంటే ఎక్కువ అనుకుంటారు. ఎదురు మాట అంటే శిక్ష ఉందా? లేదు. బలవంతంగా పనులు చేయించడం, డబ్బు తీసుకోవడం? లేదు. వేధింపులో వంతు మారదు, కొట్టేవాడు కొట్టేవాడిగానే ఉంటాడు. ఇక్కడ వంతులు మారుతున్నాయి. ఇతనికి ఆ వంతు ఎప్పుడొస్తుందో తెలియడం లేదు, అంతే.

అతను అప్పటికే చేసి చూసినవి

మొదటి నెలంతా ప్రతిదానికీ సంజాయిషీ ఇచ్చాడు. ఆదివారం పొద్దున ఉగ్గాని చేసుకుంటే పండు వచ్చి ‘మరమరాలు టిఫినేంటండీ, చంటిపిల్లల చిరుతిండి కదా అది’ అన్నాడు. సురేంద్ర ఏం చెప్పాడు? ‘లేదు, మా వైపు అందరూ తింటారు, నానబెట్టి తాలింపు వేస్తారు, కడుపు నిండుతుంది’ అని. త్వరగా పడుకుంటాడని శీను ‘తమరు సూర్యుడితో పాటు అస్తమిస్తారా అండీ’ అంటే, పొద్దున ఆరింటికి క్యాబ్ వస్తుందని టైములతో సహా చెప్పాడు. ఇది ఇతని ఒక్కడి లోపమని నేను అనుకోలేదు. పాల్ డ్రూ అనే భాషా పరిశోధకుడు మామూలు సంభాషణల రికార్డింగులు పరిశీలించి 1987లో ఇదే రాశాడు: ఆటపట్టించినప్పుడు అది ఆటేనని తెలిసి కూడా చాలామంది మొహం సీరియస్‌గా పెట్టి నిజమేమిటో సరిదిద్దుతారు. పాత స్నేహితుల మధ్య అలా చేస్తే మరో నవ్వు పుడుతుంది. కొత్తవాడు చేస్తే మాట అక్కడితో ఆగిపోతుంది. అవతలివాడు ఇంకోటి అంటాడు, ఇతను ఇంకో వివరణ ఇస్తాడు.

తర్వాత పంథా మార్చాడు. అన్నింటికీ నవ్వడం మొదలుపెట్టాడు. ఇది ఇంకా దెబ్బతీసింది. ఏది తగిలిందో ఏది తగల్లేదో వాళ్ళకు తెలిసే దారి లేకుండా పోయింది. దాంతో మాటలు కొంచెం కొంచెంగా పదునెక్కాయి. వాళ్ళు క్రూరులు కారు, హద్దు ఎక్కడుందో తడిమి చూస్తున్నారు. తడిమినప్పుడు చేతికి ఏదీ తగలకపోతే ఎవరైనా ఇంకాస్త లోపలికి చెయ్యి పెడతారు.

మూడో ప్రయత్నం తిరిగి అనడం. అసలు గొడవ అక్కడే జరిగింది.

బాబ్జీకి ఆర్నెల్ల క్రితం పెళ్ళి కుదిరి తప్పిపోయింది. ఫ్లాట్‌లో కిరణ్ అప్పుడప్పుడు ‘మా బాబ్జీగాడు మనకి ఒక భోజనం బాకీ రా’ అంటాడు. బాబ్జీతో సహా అందరూ నవ్వుతారు. సురేంద్ర ఆ మాట చాలాసార్లు విన్నాడు. ఒక ఆదివారం శీను ఆఫీసువాళ్ళు ఇద్దరు భోజనానికి వచ్చారు. బాబ్జీ చేపల పులుసు చేశాడు. వచ్చినవాళ్ళు వంట మెచ్చుకుంటుంటే సురేంద్ర అందుకున్నాడు: ‘ఇది చాలదు, బాబ్జీ మాకు పెళ్ళిభోజనం బాకీ ఉన్నాడు.’ అదే మాట, దాదాపు అదే ధోరణి. ఎవరూ నవ్వలేదు. వచ్చినవాళ్ళలో ఒకామె ‘ఓ, పెళ్ళి ఎప్పుడండీ?’ అని అడిగింది. బాబ్జీ కంచం తీసుకుని లేచి సింక్ దగ్గరికి వెళ్ళిపోయాడు. కిరణ్ మాట మార్చి పులసల సంగతి ఎత్తాడు.

నాలుగోది నేరుగా చెప్పెయ్యడం. ఆ వారమే రాత్రి నలుగురినీ కూర్చోబెట్టి ‘మీ జోకుల వల్ల నాకు బాధగా ఉంది, నన్ను ఏమీ అనొద్దు’ అని చెప్పేశాడు. వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు. మర్నాటి నుంచి ఒక్క జోకు లేదు. ‘మీరు తిన్నారా?’, ‘గీజర్ మీరు వాడుకుంటారా, మమ్మల్ని వాడుకోమంటారా?’ అలా సాగింది. ఇదివరకు ‘తమరు’ అన్నప్పుడు గుచ్చుకుంది, ఇప్పుడు ‘మీరు’ అంటుంటే ఊపిరాడటం లేదు. అతను నా దగ్గరికి వచ్చింది ఆ మర్యాద మొదలయ్యాకే. బాధను దాచుకోమని నేను ఎవరికీ చెప్పను. అయితే మొత్తాన్నీ ఒకేసారి ఆపమంటే, వాళ్ళకు తెలిసిన దగ్గరితనం అంతా అందులోనే ఉంది కాబట్టి, దాన్ని కూడా ఆపేశారు.

ఏం చేశాం

గది మారడం రెండు నెలలు వాయిదా వేద్దామన్నాను. ఎప్పుడైనా వెళ్ళొచ్చు, ఇప్పుడు వెళ్తే మాత్రం ఏం జరిగిందో తెలియకుండా వెళ్తాడు. తర్వాతి ఫ్లాట్‌లోనూ నలుగురు పాత స్నేహితులే ఉండొచ్చు.

ఎదురు మాటలు నేర్పే పని ఇప్పుడే వద్దనుకున్నాను. పంచ్‌లు వేయడం రాక ఇతను ఇబ్బందిపడలేదు. బాబ్జీ మీద వేసింది మాటగా బాగానే ఉంది. తప్పిందల్లా చోటు. కాబట్టి ముందు చూడటం నేర్చుకోవాలి. రోజూ తొమ్మిదికల్లా ఇంటికి వెళ్ళి, హాల్లో అందరితో పాటు తిని, పడుకునే ముందు ఒక పుస్తకంలో రాసుకోమన్నాను. ఎవరు ఎవర్ని అన్నారు, దేని గురించి, అప్పుడు గదిలో ఎవరున్నారు, అనిపించుకున్నవాడు ఆ వెంటనే ఏం చేశాడు. బాధ కలిగిందా, మంచిదా చెడ్డదా అన్న తీర్పు రాయొద్దన్నాను. అది రాయడం మొదలుపెడితే మళ్ళీ తన గురించే రాసుకుంటాడు.

పదిహేను రోజుల తర్వాత ఆ పుస్తకం తెచ్చాడు. ఇద్దరం కలిసి చదివాం. మొదటగా కనిపించింది పెళ్ళిభోజనం మాటే. ఆ పదిహేను రోజుల్లో కిరణ్ దాన్ని రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ ముందు బాబ్జీయే తలుపు తీశాడు: ఒకసారి ‘మన జాతకానికి వంటింటి యోగమే రాసిపెట్టాడు దేవుడు’ అని, ఇంకోసారి ఎవరిదో శుభలేఖ వాట్సాప్‌లో వస్తే అందరికీ తనే చూపించి. ఆ తర్వాతే కిరణ్ అందుకున్నాడు. రెండుసార్లూ గదిలో బయటివాళ్ళు లేరు. శీను, పండు నవ్వారు కానీ ఆ మాట వాళ్ళు ఎత్తలేదు. ఎందుకని సురేంద్రను అడిగాను. అతనికి తెలియదు. వీలున్నప్పుడు శీనుని మామూలుగా అడిగి చూడమన్నాను. శీను చెప్పిన జవాబు ఇది: సంబంధం తప్పాక ఫంక్షన్ హాల్‌కి వెళ్ళి అడ్వాన్స్ వెనక్కి తెచ్చింది కిరణ్. ఆ వారం రోజులూ బాబ్జీ వాళ్ళమ్మ ఫోన్లన్నీ ఎత్తింది కిరణ్.

అప్పటికి సురేంద్రకు విషయం పట్టుబడింది. నాతో అన్న మాట ఇది: ‘నేను ఆ మాట విన్నాను సార్, దాని వెనక అతను మోసిన బరువు చూడలేదు.’ వేళాకోళం చేసే హక్కు ఇక్కడ మనిషికి మొత్తంగా రాదు, విషయం విషయానికీ వస్తుంది. ఆ విషయంలో ఎవరు పక్కన నిలబడ్డారో వాళ్ళకు వస్తుంది. అదీ అనిపించుకునేవాడు ముందు ఎత్తితేనే.

పుస్తకంలో ఇంకో రెండు సంగతులు తేలాయి. డబ్బు గురించి ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. పండు ఇంటికి అప్పు ఉందని అందరికీ తెలుసు, అతను అద్దె ఆలస్యంగా ఇస్తాడు, ఆ దరిదాపులకు ఎవరూ పోలేదు. ఇంట్లోవాళ్ళతో ఫోన్‌లో ఉన్నవాడిని ఎవరూ కదిలించలేదు. అప్పటిదాకా ఆడుకుంటున్నవాళ్ళు కూడా టీవీ సౌండ్ తగ్గించారు.

ఇక్కడ నేను ఒక ప్రశ్న వేశాను, ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ పని చేసింది అదే. ‘నిన్ను వాళ్ళు ఏమేం అనలేదో రాయి’ అన్నాను. కాసేపు అర్థం కాలేదు. తర్వాత రాశాడు. రంగు గురించి అనలేదు, నల్లగా ఉంటాననే బెంగ అతనికి ఇంటర్ నుంచి ఉంది. జీతం గురించి అనలేదు, అందరికంటే తక్కువ అతనిదే. తండ్రి లేడు, ఆ ఊసే ఎత్తలేదు. తిండి, నిద్ర, బండి నడపడం, ఇవే. అంటే ఈ నలుగురూ నోటికొచ్చింది అనేవాళ్ళు కారు. మొదటి నెలలోనే ఇతన్ని చూసి, ఏది తగులుతుందో అంచనా వేసుకుని, దాని చుట్టూ తిరిగి వెళ్ళారు. రాసిన కాగితాన్ని అతను చాలాసేపు చూశాడు.

బాబ్జీతో సర్దుబాటు

ముందు ఆ పని చేయాలి. క్షమాపణ అందరి ముందా, విడిగానా అన్నది ప్రశ్న. అందరి ముందు చెబితే గాయం మళ్ళీ అందరి ముందూ తెరుచుకుంటుంది. విడిగా, చిన్నగా, జోకు కలపకుండా చెప్పమన్నాను. ‘సరదాగా అన్నాను’ అనే మాట పూర్తిగా వదిలేయమన్నాను. కారణం ఉంది. 2006లో క్రూగర్, మరో ఇద్దరు చేసిన అధ్యయనంలో, ఆటపట్టించేవాళ్ళు తమ మంచి ఉద్దేశం అవతలివాళ్ళకు కనిపిస్తుందనుకుంటారని, నిజానికి వాళ్ళకు అంతగా కనిపించదని తేలింది. కనిపించని ఉద్దేశాన్ని సాకుగా చూపిస్తే అది క్షమాపణలా వినిపించదు, వాదనలా వినిపిస్తుంది.

సురేంద్ర ఉల్లిపాయలు తరుగుతూ చెప్పాడట: ‘ఆ రోజు వాళ్ళ ముందు అలా అనకుండా ఉండాల్సింది. తప్పు నాదే.’ బాబ్జీ ‘పర్లేదులేండి’ అన్నాడు. ‘అండి’ పోలేదు. తర్వాత మూడు నాలుగు రోజులకు ‘ఒరేయ్, ఆ కారం డబ్బా ఇలా పడెయ్’ అన్నాడు. ఆ ‘ఒరేయ్’ని సురేంద్ర తేదీతో సహా పుస్తకంలో రాసుకున్నాడు. నవ్వొచ్చినా, కేసులో మలుపు అదే.

తనంతట తాను ఒక విషయం ఇవ్వడం

మర్యాద గోడ ఇంకా ఉంది. ‘నన్ను అనండి’ అని అడగలేడు కదా. పుస్తకంలో చూసిన పద్ధతినే వాడుకుందామన్నాను. ఇక్కడ తలుపు లోపలినుంచి తీయాలి. తనకు నిజంగా బాధలేని విషయం ఒకటి ఎంచుకుని తనే ఎత్తాలి. ముందు రంగు గురించి ఎత్తుతానన్నాడు, ధైర్యం చూపిద్దామని. వద్దన్నాను. పచ్చిగా ఉన్నదాన్ని ముందు పెడితే, వాళ్ళు అందుకుంటే తట్టుకోలేడు, అందుకోకపోతే గది అంతా ఇబ్బందిగా మారుతుంది. బల్లి అంటే అతనికి భయం, చెప్పుకోవడానికి సిగ్గు లేదు. అది చాలు.

ఒక రాత్రి భోజనాల దగ్గర తనే చెప్పాడు, బాత్రూమ్‌లో బల్లి ఉందని ఆఫీసుకి స్నానం చేయకుండా వెళ్ళానని. ఒక్క క్షణం ఎవరూ ఏమీ అనలేదు. అనొచ్చో లేదో తెలియక ఆగారు. పండు మెల్లిగా ‘బల్లిగారు ఆఫీసుకి లేటవుతుందని తొందరగా కానిచ్చుకుంటుందేమో’ అన్నాడు. సురేంద్ర సంజాయిషీ ఇవ్వలేదు. ‘ఆవిడకి నీళ్ళు కాచి పెట్టి వచ్చాను’ అని పొడిగించాడు. పొడిగించడమే మేం అనుకున్న జవాబు. కాదనొద్దు, ఊరికే నవ్వి వదిలెయ్యొద్దు, అవతలివాడు వేసిన దాని మీద ఇంకో వరస వెయ్యాలి. ఆ వారం అంతా బల్లి చుట్టూ తిరిగింది. శీను అద్దె లెక్కల్లో ఆరో వాటా బల్లికి రాశాడు.

ఎదురు అనడం చివరికి పెట్టుకున్నాం. అప్పుడు కూడా నలుగురిలో ఎవరి మీద ముందు అన్నది ఆలోచించాం. బాబ్జీ ఇంకా కొత్త గాయం, పండు ముభావి. కిరణ్ తన బట్టతల గురించి తనే రోజుకోసారి మాట్లాడుకుంటాడు, ఎంత అన్నా చెక్కు చెదరడు. మొదలు అక్కడ. అదీ కిరణ్ ఎత్తినప్పుడే.

మాట జారినప్పుడు

రెండో నెలలో ఒకటి జరిగింది. సురేంద్ర తల్లితో ఫోన్‌లో ఉన్నప్పుడు శీను పక్కనుంచి ‘సంగటి తింటివామ్మా’ అని అనంతపురం యాసను గట్టిగా అనుకరించాడు. తల్లి విన్నది. సురేంద్రకు ఒళ్ళు మండింది. ఇదివరకైతే మింగేసేవాడు, లేకపోతే మళ్ళీ అందర్నీ కూర్చోబెట్టేవాడు. ఈసారి అతని దగ్గర పుస్తకం ఉంది. ఫోన్‌లో ఇంట్లోవాళ్ళు ఉన్నప్పుడు ఎవర్నీ కదిలించరన్నది వాళ్ళ కట్టుబాటే. మరుసటి రోజు బండి మీద వెళ్తూ శీనుతో అన్నాడు: ‘నన్ను ఎంతైనా అనుకో. అమ్మ లైన్లో ఉన్నప్పుడు వద్దు.’ శీను వాదించలేదు. ‘కిరణ్ నిన్ననే తిట్టాడురా నన్ను’ అన్నాడు.

‘బాధగా ఉంది, ఏమీ అనొద్దు’ పని చేయక, ఇది ఎందుకు పని చేసింది? మొదటిది బయటినుంచి తెచ్చిన నియమం. రెండోది వాళ్ళ నియమాన్ని వాళ్ళకే గుర్తుచేయడం. ఒక్క మనిషితో, ఒక్క విషయం గురించి, మిగతాదంతా తెరిచే ఉంచి చెప్పాడు. ఒకవేళ శీను ఆపకుండా మళ్ళీ అదే చేసి ఉంటే, లేదా మిగతావాళ్ళు అతని వైపు నిలబడి ఉంటే, గది మారమని నేనే చెప్పేవాణ్ణి. వద్దన్నాక ఆగుతుందా లేదా అన్నది నేను ప్రతి ఇలాంటి కేసులోనూ చూసే గుర్తు.

ఇంకా మిగిలినవి

ఇలాంటి కేసులు వచ్చినప్పుడు నేను ఇప్పుడు ముందుగా అడిగేది ‘ఏమన్నారు?’ అని కాదు, ‘ఏం అనలేదు?’ అని. ఆ జాబితా ఖాళీగా వస్తే, అంటే దేన్నీ వదలకుండా అన్నీ అంటున్నారంటే, పుస్తకం రాయించే పని పెట్టుకోను. అక్కడ నేర్చుకోవడానికి నియమాలే లేవు. ఆఫీసులో బాస్ జట్టులో చేరినవాళ్ళకు కూడా ఈ పద్ధతి యథాతథంగా చెప్పను. అక్కడ ‘వద్దు’ అన్నందుకు ఖర్చు జీతంలో పడుతుంది, హాల్లో కాదు.

సురేంద్ర నిద్ర దానంతట అదే కుదుటపడింది, దాని కోసం వేరే ఏమీ చేయలేదు. పండుతో మాత్రం పెద్దగా దగ్గర కాలేదు. బల్లి మీద మొదటి మాట వేసింది పండే అయినా, ఇప్పటికీ అతను సురేంద్రను ‘మీరు’ అనే అంటాడు. అది కోపమా అని సురేంద్ర ఒకసారి అడిగాడు. పుస్తకంలో చూడమన్నాను. పండు ఆ ముగ్గురిని తప్ప లోకంలో ఎవర్నీ ‘ఒరేయ్’ అన్న దాఖలా లేదు, కింద కిరాణా కొట్టు కుర్రాణ్ణి కూడా. ఆ సంగతి అక్కడ వదిలేశాం. ఫ్లాట్ అగ్రిమెంట్ రెన్యువల్‌కి వచ్చినప్పుడు సురేంద్ర పేరు కూడా రాయించారు.